తుడిచేసిన గీత

వంచమ్మకు కోపం అంత తేలిగ్గా వచ్చేది కాదు. పక్షవాతం వచ్చినవాళ్లకూ, మోకాలి ఆపరేషను అయినవాళ్లకూ ఇళ్లకే వెళ్లి వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు ఆమె. పొద్దస్తమానం "ఇంకొంచెం వంచమ్మా, ఇంకొక్క కొంచెం" అంటూ ఉంటుంది కాబట్టి రోగులే ఆ పేరు తగిలించారు. నొప్పికి ఓర్చుకోలేక వాళ్లు నోటికొచ్చినట్టు తిట్టినా నవ్వుతూ పని కానిచ్చే మనిషి. అలాంటిది ఆ ఉదయం ఇన్సూరెన్సు సర్వేయరుతో మాట్లాడి ఫోను పెట్టేసేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదా మరి? తను వేలు కూడా పెట్టని పనికి తన్ను దొంగను చేసి కూర్చోబెట్టారు.

సంగతి ఇదీ. ఆ వారం మొదట్లో ఆమె ఒక రోగి ఇంట్లో ఉండగా, వీధికి కుడి వారన ఆపిన ఆమె కారును సామాన్ల వ్యాను ఒకటి గీరుకుంటూ పోయింది. ఎడమవైపు ముందు తలుపు లోపలికి నొక్కుకుపోయింది, దాని ముందు చక్రం మీదున్న ఫెండరు రేకు సొట్టపడింది, తలుపు పక్కనున్న అద్దం తీగల మీద వేలాడింది. కారును షెడ్డుకు చేర్చి క్లెయిము పెట్టింది. కంపెనీ వాళ్లు ఆమె ఫోనుకు ఒక లింకు పంపారు. సర్వేయరు రాడట, ఆ లింకు తెరిచి కారు ఫొటోలు మీరే తీసి పంపాలట. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. పైగా ఇంట్లోనే ఒక ఫొటోగ్రాఫరు ఉన్నాడాయె.

ఆ ఫొటోగ్రాఫరు ఆమె మొగుడు. మెయిన్ రోడ్డు మీద సొంత స్టూడియో. "ఫొటోల సంగతి నాకొదిలెయ్, నువ్వు నీ పేషెంట్లను చూసుకో" అన్నాడు. కారు లేక ఆటోల వెంట పరుగులు పెడుతూ, నొప్పులకు పెట్టే బరువైన యంత్రాన్ని మోయలేక సగం మంది ఇళ్లకు వెళ్లనే లేక, ఆమె అప్పటికే హైరానా పడుతోంది. ఫోను ఆయన చేతిలో పెట్టింది. అదే ఆమె చేసిన పాపం.

ఇప్పుడు సర్వేయరు ఏమన్నాడంటే, మీరు పంపినవి కారు ఫొటోలు కావండీ, కంప్యూటరు తెర మీద కనిపిస్తున్న కారుకు తీసిన ఫొటోలు అన్నాడు. తెర తాలూకు గీతలు సన్నగా అలల్లాగా కనిపిస్తున్నాయట. కారు షెడ్డులో ఉందని మీరు చెప్పారు, ఫొటోలతో పాటు నమోదైన లొకేషను చూస్తే మెయిన్ రోడ్డు మీద ఉంది అన్నాడు. వీటన్నిటినీ మించింది ఇంకొకటి. పాలసీ గడువు దాటాక రెన్యూవల్ చేయించుకున్నప్పుడు తీసిన తనిఖీ ఫొటోల్లో ఎడమవైపు వెనక తలుపు మీద పొడుగాటి గీత ఉంది, వీటిలో లేదు. తలుపుకు రంగు వేయించారా, లేక ఇది వేరే కారా అని అడిగాడు. అడగడం మర్యాదగానే అడిగాడు. సరైన వివరణ రాకపోతే ఫొటోలు మార్చి పంపారని రాసి విచారణకు పంపాల్సి ఉంటుందనీ, అది తేలేదాకా క్లెయిము కదలదనీ అంత మర్యాదగానూ చెప్పాడు.

షెడ్డులో కారు పడి ఉన్నన్నాళ్లూ రోగులు మంచాల మీద పడి ఉంటారు. అదొక బాధ. తన పేరు పక్కన అబద్ధాలకోరని రాసి ఉంటుందన్నది ఇంకా పెద్ద బాధ. ఇరవై ఏళ్లుగా ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇంటి తాళాలు ఇచ్చి మరీ రమ్మంటున్నారంటే, ఆ పేరును చూసే కదా.

ఆమె విసవిసా స్టూడియోకు నడిచింది. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, ఎవరిదో పాస్‌పోర్టు ఫొటోలో గడ్డం మీది మచ్చ చెరుపుతున్నాడు. ఆమె విషయం చెప్పింది. ఆయన కంగారు పడలేదు సరికదా, కుర్చీ తిప్పి మరీ వివరించాడు. ఆ లింకు మహా మొండిది, గ్యాలరీలోంచి ఫొటో తీసుకోదు, అప్పటికప్పుడు దాని కెమెరాతోనే తీయాలంటుంది. ఆమె ఫోనేమో పాతది, షెడ్డేమో చీకటి. దాంతో తీస్తే ఒక్క సొట్టయినా సరిగ్గా రాదు. అందుకని తన పెద్ద కెమెరాతో చక్కగా తీసి, వెలుగు సరిచేసి, స్టూడియోలో పెద్ద తెర మీద పెట్టి, లింకు తెరిచి ఆ తెరను ఫొటో తీశాడు. చెబుతున్నంతసేపూ ఎంత ఉపాయం చేశానో చూడు అన్నట్టే ఉంది ఆయన ముఖం. ఈ ఘనకార్యం ప్రపంచంలో ఇంకో మొగుడికి తట్టి ఉండదు.

"మరి గీత?" అంది వంచమ్మ.

"అది పాతది కదా. చూపంతా అటే లాగేస్తోంది. అసలు దెబ్బ బాగా కనపడాలని తీసేశా. అయినా నీ మేలు కోరే కదా చేశాను."

"మిమ్మల్ని ఎవరు కోరమన్నారు?" అంది ఆమె. గొంతు పెంచలేదు. పెంచి ఉంటేనే బాగుండేదని తర్వాత ఆయనకు అనిపించింది. "పేషెంటు నొప్పి దాస్తే కాలు పోతుందని రోజూ అరిచి చచ్చేదాన్ని నేను. నా కారు మీద గీత దాచి, కింద నా పేరు పెట్టి పంపిస్తారా? నాతో ఒక్క మాటైనా చెప్పకుండా?"

ఆయన కాస్త తగ్గాడు. తగ్గి, మళ్లీ ఇంకో తెలివి చూపించాడు. ఫోను పాడైందనీ, కెమెరాలో ఏదో లోపం ఉందనీ చెప్పెయ్, వాళ్లకేం తెలుస్తుంది అన్నాడు. మానుతున్న పుండును కెలకడమంటే అదే. తను చేసిందని చెప్పుకోవడం ఆయనకు తలకొట్టేసినట్టుందని ఆమెకు అర్థమైంది. స్టూడియో పెట్టుకున్న మనిషి, ఫొటో తప్పు తీశాడని ఎక్కడో ఫైల్లో రాసుకుంటే పరువు పోతుందట. ఆయన పరువు ఆయనది. మరి ఆమెది?

బయటికొచ్చి సర్వేయరుకు తనే ఫోను చేసింది. షెడ్డు దగ్గర వీడియో కాల్‌లో కారు చూపిస్తాననీ, ఆ ఫొటోల సంగతి కూడా అప్పుడే చెబుతాననీ అంది. ఆయన ఒప్పుకుని జాగ్రత్తలు చెప్పాడు. కారును పగటి వెలుతురులోకి తీయించాలి. కడగకూడదు, ఏ భాగమూ విప్పకూడదు. ఫోను నిండా ఛార్జింగు ఉండాలి, లొకేషను ఆన్‌లో ఉండాలి, నెట్ బాగా అందాలి. ఫోను అడ్డంగా పట్టుకోవాలి. మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు, మొత్తం ఒకే వీడియోగా రావాలి.

ఆమె షెడ్డుకు చేరేసరికి మేస్త్రీ స్పానరు పట్టుకుని సొట్టతలుపు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే ఆ తలుపు నేల మీద ఉండేది. చెయ్యి తియ్యమని ఆమె వేసిన కేకకు మేస్త్రీ చేతిలోంచి స్పానరు జారిపోయింది. తలుపు విప్పి రెడీగా పెడితే పని తొందరగా అవుతుందనుకున్నాడట పాపం. సర్వేయరు చూడకముందు విప్పితే, అది వ్యాను కొట్టిన దెబ్బో నీ సుత్తి దెబ్బో అని అడుగుతారు, ఏం చెబుతావని ఆమె దులిపేసింది. అందరూ తన మేలు కోరేవాళ్లే. కారును బయటికి తోయించి, అద్దాల మీద ఎండ మిలమిలలాడకుండా గోడ నీడలో పెట్టించింది.

ఇంతలో మొగుడు ఊడిపడ్డాడు. చంకలో తెల్లగొడుగు దీపం, చేతిలో వెలుతురు మళ్లించే వెండి అట్ట.

"వాటిని లోపల పెట్టండి," అంది. "ఫోను నేనే పట్టుకుంటా."

వీడియో మొదలైంది. సర్వేయరు చెబుతుంటే ఆమె చూపిస్తూ పోయింది. ముందు నంబరు ప్లేటు కనిపించేలా దూరం నుంచి కారు ముందుభాగం మొత్తం. తర్వాత ఒక్కో మూల దగ్గరా ఆగుతూ, నాలుగు వైపులూ కనిపించేలా చుట్టూ ఒక ప్రదక్షిణ. అప్పుడు దెబ్బ. ముందు దూరం నుంచి, అది ఏ తలుపో తెలిసేలా. తర్వాత దగ్గర నుంచి. ఆ తర్వాత పక్కవాటుగా, సొట్ట ఎంత లోతుందో తెలిసేలా. ఫెండరూ అలాగే, వేలాడే అద్దమూ అలాగే. కారు ఒంటి మీద చెక్కి ఉన్న ఛాసిస్ నంబరు దగ్గర అక్షరాలు స్పష్టమయ్యేదాకా కదలకుండా నిలబడింది. తాళం తిప్పి, కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపించే అంకెలు వెలిగాక వాటినీ చూపించింది. కోపంతో పళ్లు బిగబట్టి ఉందేమో, చెయ్యి మాత్రం రాయిలాగా ఉంది.

వెనక తలుపు దగ్గరకు వచ్చాక సర్వేయరు అడక్కుండానే ఆగింది. "ఇదిగోండి ఆ గీత. ఇది పాతది. వ్యాను కొట్టింది కాదు, దీన్ని క్లెయిములో కలపొద్దు."

తర్వాత సర్వేయరు అసలు ప్రశ్న వేశాడు. మొదట పంపిన ఫొటోలు ఎవరు తీశారు, అలా ఎందుకు వచ్చాయి, రికార్డు అవుతోంది, చెప్పండి అన్నాడు.

కారు అద్దంలో ఆమెకు తన వెనక నిలబడ్డ మొగుడు కనిపించాడు. చెయ్యి ఊపుతూ సైగ చేస్తున్నాడు. ఫోనును చూపించి, పాడైంది, పాడైంది అని పెదవులు కదుపుతున్నాడు. ఇంత జరిగాక కూడా! తన నోటితో ఆ అబద్ధం చెప్పించి, తను మాత్రం చల్లగా పక్కకు తప్పుకుందామని. ఆమె ఒళ్లు భగ్గుమంది. వీడియో ఆపలేదు. నిలబడ్డచోటే గిర్రున తిరిగి ఫోను ఆయన ముఖానికి ఎత్తిపట్టింది.

"తీసిన మనిషి వీరేనండీ. వీరినే అడగండి."

ఊరందరినీ కెమెరా ముందు నిలబెట్టి, గడ్డం పైకెత్తు, భుజం దించు అని చెప్పే మనిషికి తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనక్కి వేశాడు, ముందుకు తెచ్చాడు. మేస్త్రీ వంక చూశాడు. మేస్త్రీ తల తిప్పుకున్నాడు. సర్వేయరు ఎదురుచూశాడు. వంచమ్మ ఫోను దించలేదు. ఇవాళ ఈయన వంగుతాడో విరుగుతాడో చూద్దామనుకుంది.

"నేనేనండీ," అన్నాడు చివరికి. "స్టూడియోలో తెర మీద పెట్టి తీశాను. గీత కూడా నేనే తుడిచేశాను. బాగా కనపడాలని చేశాను గానీ, చేసింది తప్పే." ఆమె వైపు చెయ్యి చూపించాడు. "మా ఆవిడకి ఇవేవీ తెలియవండీ. నన్ను నమ్మి ఫోనిచ్చింది. అంతే."

"అమ్మా," అన్నాడు సర్వేయరు, "ఫోను కదులుతోంది. కాస్త గట్టిగా పట్టుకోండి."

ఆమె రెండో చెయ్యి కూడా వేసి పట్టుకుంది. సర్వేయరు ఆయన్ను ఇంకా అడుగుతున్నాడు. దిద్దకముందు తీసిన అసలు ఫొటోలు ఉన్నాయా, ఉంటే మార్చకుండా ఉన్నవి ఉన్నట్టు ఈమెయిలు చేయండి, మీరు చెప్పిందే రాసి సంతకం పెట్టి దాంతో పాటు పంపండి అన్నాడు. ఆయన అన్నిటికీ ఊఁ కొట్టాడు. అవి అందితే చాలు, విచారణకు పంపే పని లేదు, మేస్త్రీని తలుపు విప్పుకోమనండి అని సర్వేయరు అన్నప్పుడు కూడా ఊఁ అనే అన్నాడు.

వంచమ్మ కోపం చల్లారలేదు. ఇంటికెళ్లాక ఆయనకు ఉంది. కానీ కళ్లలో నీళ్లు తిరిగి ఎదురుగా ఏమీ సరిగ్గా కనిపించకపోయినా, వీడియో ఆగేదాకా ఆయన ముఖం పక్కకు జారిపోకుండా ఫోనును అలాగే పట్టుకుని నిలబడింది.