కుంట కాడ నీడ

ఆ టార్పాలిన్ ఇచ్చింది నేనే. ఎవరూ గుంజుకుపోలేదు. కోరుట్లలో తెలంగాణ కోసం నడుస్తున్న రిలే నిరాహార దీక్షా శిబిరానికి నీడ చాలడం లేదని, అక్కడి ఏర్పాట్లు చూసే సాయిలు వచ్చి అడిగాడు. ఉపాధి హామీ కింద కుంట పూడిక తీసే పని దగ్గర మా కూలీల కోసం కట్టే నీలం టార్పాలిన్‌ని మడతపెట్టి, నా చేతులతో అతని బండి మీద పెట్టాను. "మా కుంట పనోళ్ల తరఫున" అని కూడా అన్నాను. ఆ మాట అన్నందుకు రెండు రోజులు నా కాళ్లు నేల మీద నిలవలేదు. అది 2011 మే నెల.

నేను మేట్‌ని. ముప్పై మంది కూలీలకు హాజరు వేయడం, కొలతలు, నీళ్లు, నీడ, మందుల డబ్బా అన్నీ నా బాధ్యతే. మండల ఆఫీసులో రెండు రోజులు శిక్షణ కూడా తీసుకున్నాను. నాకు రాని పని ఉందంటే ఒప్పుకునే మనిషిని కాను.

మొగిలవ్వ నాకు మేనత్త. కుంటలో మామ రాజయ్య తవ్వితే, ఆమె తట్టతో మట్టి మోసేది. యాభై దాటినా పని మధ్యలో కూర్చున్న పాపాన పోలేదు. టార్పాలిన్ ఇచ్చిన మూడో రోజు సాయంత్రం కోరుట్ల సభలో పాట ఎత్తుకోవాల్సింది కూడా ఆమే. సభకు పోవాలంటే ఆ రోజు తవ్వాల్సిన కొలత ముందే పూర్తి కావాలని అందరూ పట్టుబట్టారు. పదకొండుకు పని ఆపించాల్సిన నేను పన్నెండు దాకా ఆపలేదు.

ఇంకో సంగతి ఉంది. మా కుంట చుట్టూ చెట్టూ పుట్టా లేని చదును నేల. మగవాళ్లు ఒంటికి ఎక్కడికైనా పోతారు. ఆడవాళ్లం తెల్లవారకముందు పోయి వస్తే మళ్లీ ఇంటికి చేరాకే. అందుకని పని దగ్గర మేం నీళ్లు ముట్టం. కడవలో నీళ్లుంటాయి, తాగం. ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు. అందరికీ తెలుసు.

చివరి తట్ట కట్ట మీద పోసి దిగుతూ అత్త ఆగిపోయింది. తట్ట చేతిలోంచి జారింది.

"కండ్లు తిరుగుతున్నయే మంజులా" అంటూ కూలబడింది. వెంటనే పిక్క పట్టుకుని వంకర్లు తిరిగింది. "నరాలు గుంజుతున్నయ్. కడుపుల గూడ పట్టేసింది."

ముఖం పాలిపోయింది. రవిక మొత్తం చెమటతో తడిసిపోయింది. చెయ్యి ముట్టుకుంటే చల్లగా, జిగటగా ఉంది. నాడి మాత్రం పరుగెడుతోంది. ఆమెను పడుకోబెడదామని నీడ కోసం తల తిప్పాను. టార్పాలిన్ కట్టే నాలుగు గుంజలు ఉత్తగా నిలబడి ఉన్నాయి. అప్పుడు నాకు నా మీదే అసహ్యం వేసింది. కానీ ఏడుస్తూ కూర్చునే సమయం కాదది.

"మామా, నీ గొంగడి పరువు. నలుగురు నాలుగు మూలల పట్టుండ్రి. మోటరు కొట్టంలకు పోదాం."

దూరంగా బావి దగ్గరున్న మోటరు కొట్టం చిన్నదే కానీ నీడ ఉంది, తలుపు తీస్తే గాలి ఆడుతుంది. అత్తను వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ల కింద సిమెంటు సంచి మడతపెట్టి ఎత్తు చేశాను. మగవాళ్లను బయటికి పంపి రవిక, నడుము దగ్గర చీర ముడి వదులు చేశాను. బయట తొట్టిలో నీళ్లున్నాయి. తువ్వాళ్లు తడిపి మెడ మీద, చంకల్లో, గజ్జల్లో పెట్టాం. ఒంటి మీద నీళ్లు చల్లి, ఒకామె కొంగుతో విసరసాగింది.

ఇంతలో రాజయ్య మామ ఎక్కడి నుంచో సీసా పట్టుకొచ్చాడు.

"జరంత కల్లు తాపుత బిడ్డా. సలువ జేస్తది."

"అద్దు మామా. ఒంట్ల ఉన్న నీళ్లను గూడ బయటికి తోల్తది. సీసా బయట పెట్టు."

"మా నాయిన కాలంకెల్లి తాపుతున్నం."

"నా మాట ఇను మామా. అత్త నీకెంతనో నాకు గంతనే."

సీసా బయట పెట్టాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి కానీ కనపడనివ్వలేదు.

మందుల డబ్బాలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉన్నాయి. లీటరు సీసాలో కడవ నీళ్లు నింపి ఒక ప్యాకెట్ మొత్తం కలిపాను. సగమే కలిపితే ఉప్పు చాలదు, తక్కువ నీళ్లలో కలిపితే చేటు. తాగించే ముందు ఆమెకు తెలివి సరిగా ఉందో లేదో చూడాలి. మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే. అప్పుడు నోట్లో ఏమీ పోయకూడదు. నీళ్లు చల్లుతూనే 108కి ఫోన్ చేయాలి.

"అత్తా, మామ పేరేంది?"

ఆమె కళ్లు తెరిచి నన్ను ఎగాదిగా చూసింది. "లగ్గమై ముప్పయి ఐదేండ్లాయె, గాయిన పేరు నా నోట ఎన్నడన్న ఇన్నవానే? సిగ్గులేనిదానా."

బయట మామ గట్టిగా ఊపిరి వదిలాడు. నాకు ధైర్యం వచ్చింది. తల కొంచెం ఎత్తి గుక్క గుక్కగా తాగించాను. గటగటా తాగబోతే ఆపాను, వాంతి అవుతుందని. పిక్క పట్టేసినప్పుడు మోకాలు చాపించి పాదాన్ని మెల్లగా పైకి వంచి పట్టుకుని, మెత్తగా రుద్దాను. అరగంట చూద్దాం, తేరుకోకపోతే 108 అనుకుని గడియారం ఎదురుగా పెట్టుకున్నాను.

ఇరవై నిమిషాలకు కళ్లు తిరగడం తగ్గింది. అరగంటకు పిక్కలు వదులయ్యాయి. లీటరూ అయిపోయేసరికి ముఖంలో రంగు వచ్చింది. లేచి కూర్చుంటానంటే కూర్చోనివ్వలేదు.

"మరి పాట?" అంది.

"పాట వేరేటోళ్లు పాడుతరు. నువ్వు పండుకో."

ఎండ తగ్గాక ఆటోలో ఇంటికి చేర్చాం. నర్సు రాజలక్ష్మి వచ్చి బీపీ చూసింది. మూత్రం వచ్చిందా, రంగేమిటి అని అడిగింది. ముదురు పసుపు అని అత్త చెప్పింది. పలుచబడేదాకా తాగుతూనే ఉండమని, వారం దాకా ఎండలో పని వద్దని చెప్పి నా వైపు తిరిగింది. "పొద్దుగాలకెల్లి నీళ్లెందుకు తాగలే ఈమె?"

ఆ సాయంత్రం కోరుట్ల పోయాను, పాట కోసం కాదు. సరాసరి దీక్షా శిబిరం వెనక్కి పోయి తాడు ముడి విప్పడం మొదలుపెట్టాను. సాయిలు పరుగెత్తుకొచ్చాడు.

"గదేందక్కా, పెద్దమనుషులు గూసున్నరు."

"వాళ్లు గూసున్నరు. మావోళ్లు మన్ను మోస్తున్నరు."

"తెలంగాణ కోసమే ఇస్తివి గదా."

"మా కుంట గూడ తెలంగాణల్నే ఉన్నది సాయిలూ. ఇయ్యాల మా అత్త ఎండల పడ్డది."

సాయిలు రెండో వైపుకు పోయి ఆ ముడి తనే విప్పాడు. తెల్లారి శిబిరానికి షామియానా తెప్పించుకున్నారని విన్నాను.

మర్నాటి నుంచి పని ఆరింటికి మొదలు, పదిన్నరకు బంద్. టార్పాలిన్ సగం పైన నీడకు కట్టించాను. మిగతా సగం నేల దాకా వేలాడదీసి, వెనకాల గుంత తవ్వించి ఆడవాళ్లకు చాటు చేశాను. మగవాళ్లు కొందరు నవ్వారు. హాజరు పట్టిక నా చేతిలో ఉందని గుర్తుచేస్తే ఊరుకున్నారు.

అయినా మూడు రోజులు ఒక్క ఆడమనిషీ ఆ చాటుకు పోలేదు, కడవా ముట్టలేదు.

నాలుగో రోజు పొద్దున్నే మొగిలవ్వ వచ్చింది. పనికి కాదు, చూడటానికి. అందరి ముందు నుంచి నడిచి టార్పాలిన్ వెనక్కి పోయింది, వచ్చింది. కడవ దగ్గర నిలబడి చెంబెడు నీళ్లు దించకుండా తాగి, ఖాళీ చెంబు నాకే చాపింది.

"ముందుగాల నువ్వు తాగు. ఎండాకాలం సురువైనకాంచి సూస్తున్న, నువ్వు గూడ తాగుతలేవు."

ఆమె చెప్పింది నిజం. చెంబు నిండా ముంచుకుని, అందరూ చూస్తుండగా తాగాను. నేను దించేసరికి నా వెనక ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు.