పారేసిన ముక్క

పేకలో యాభై రెండే కదా, ఇందులో డెబ్భై ఎనిమిది ఎందుకో, ఆ మిగతా ముక్కలు ఎవరికి ఏం చెప్పడానికి పుట్టాయో అనుకుంటూ లీదియా జోస్యపు టారో కార్డులు కలుపుతూనే ఉంది, ప్రొద్దుటూరులో హజరాబీ టైలరింగ్ కొట్టు, మధ్యాహ్నం కుట్టుమిషన్లు ఆగి ఉన్నాయి, జరీ పోగులు కాళ్ళకు చుట్టుకుంటున్నాయి, చర్చి మిషన్ బళ్ళో టీచరైన తాను ఇలా కూర్చుందని అమ్మకు తెలిస్తే ఉపవాస ప్రార్థన పెట్టిస్తుంది, ఆన్‌లైన్లో ఇది నేర్చుకున్నందుకు హజరాబీ ఇంట్లోనూ గొడవే, అందుకే ఇద్దరికీ కొంచెం దొంగ సరదాగా ఉంది, అడగాల్సింది మాత్రం సరదా సంగతి కాదు, ఫోన్లో నాయన గొంతు, అమ్మనూ తననూ వదిలిపోయిన ఇన్నేళ్ళకు, పాపా, పులివెందుల కాడ చీనీకాయల తోటలో ఉండా, ఓసారి వచ్చిపో, అంతే, క్షమించమని లేదు, బాగున్నావా అని కూడా లేదు, పోవాలా వద్దా.

నాయన మారినాడేమో అడగనా అక్కా అంటే హజరాబీ ఒప్పుకోలేదు, ఈడ లేని మనిషి మనసులో ఏముందో ముక్కలు చెప్పవు మే, పో అనీ చెప్పవు, వద్దు అనీ చెప్పవు, ఆయన్ను కలవాలంటే నాకేం కావాలి అని అడుగు, అని పేకను ఎడమచేత్తో మూడు కుప్పలుగా కోయించింది, లీదియాకు నచ్చిన వరుసలో మళ్ళీ పేర్పించింది, పైనుంచి ఒక్కొక్కటే తీసి తిరగెయ్యి, ఎడమపక్క గాయం, కుడిపక్క ఆశ, రెంటి నడుమ హద్దు, పైన కలిస్తే ఏంది, కింద కలవకుంటే ఏంది, అంతే.

గాయం చోట ఐదు నాణేల ముక్క, మంచులో కుంటుతూ పోయే ఇద్దరు, వాళ్ళ తలల పైన చర్చి రంగుటద్దాల కిటికీ వెలుగుతోంది, లోపలివాళ్ళకు వీళ్ళు కనబడరా, లేక వీళ్ళే తలెత్తి చూడరా, జమ్మలమడుగులో, నాయన వదిలిపోయినాక, ఆ ముసురుపట్టిన ఆదివారం లోపల పాట వినబడుతుంటే అమ్మ కొంగు తల మీదికి లాక్కుని చర్చి గేటు ముందు ఆగకుండా పోయింది, మీ ఆయన యోహాను యాడికి పోయినాడు అని అడుగుతారని, ఆ గేటు మీద కోపం ఇంకా ఉంది, ఉందని ఇప్పుడే తెలిసింది, కుడిపక్కన తీసింది తలకిందులుగా వచ్చింది, ఆరు గిన్నెలు, పూల గిన్నె అందుకుంటున్న పాప, చూసీ చూడగానే లీదియా చెయ్యి దాన్ని పక్కకు పారేసి పేకలోంచి ఇంకోటి లాగింది.

యాడికి పారేస్తాండావ్, ఇది రమ్మీనా, అని హజరాబీ నవ్వుతూ చెయ్యి పట్టుకుంది, లీదియా నవ్వలేదు, ఆ చెయ్యి తనది కాదు, నాయనది, బొటనవేలితో ముక్కను సగం ఎత్తి చూసి పనికిరాకపోతే విసిరేసే పద్ధతి, ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మ వంటింట్లో ఉంటే మంచం చాటున నాయన నేర్పిన ఆట, పదమూడు ముక్కలు చేతిలో పట్టవు, విసనకర్ర మాదిరి పట్టుకో పాపా అనేవాడు, మంచివాడే, ఆ ఆదివారాల్లో మంచివాడే, హజరాబీ పారేసిన ముక్కను తెచ్చి మళ్ళీ తలకిందులుగానే పెట్టింది, కొత్తదాన్ని పేకపైన పెట్టేసింది, ఇది చిన్ననాటి ముక్క, తిరగబడిందంటే పాతదాన్నే పట్టుకుని ఉండావేమో, నీ ఆశ అప్పటి నాయన మీదనా, ఇప్పుడు పిలిచేటాయన మీదనా, నువ్వే చెప్పాల. లీదియా ముంజేత్తో కళ్ళు తుడుచుకుని తరవాతి ముక్క తిరగేసింది.

హద్దు చోట కత్తుల రాణి, ఒక చేతిలో నిటారుగా కత్తి, రెండో చెయ్యి మాత్రం చాచి ఉంది, రమ్మంటోందా ఆగమంటోందా, రెండూనేమో, రెండూ ఒకేసారి కుదురుతాయా, పైన ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి కొంచెం కొంచెంగా నీళ్ళు వంచే దేవదూత, కలిస్తే అట్లా కొలిచి కొలిచి కలువు అంది హజరాబీ, కింద కత్తుల కింద చేతులు జోడించి పడుకున్న యోధుడు, చచ్చినాడా అంటే కాదు మే, విశ్రాంతి, పోకపోయినా తప్పేం లేదంటాంది అంది హజరాబీ, అయితే రెండు దోవలూ మంచివే, మరి ఇన్నాళ్ళ భయం దేనికి, వెళితే ఆయన ఏడుస్తాడని, ఆ ఏడుపు చూసి తాను ఇక కదలలేనని, అమ్మ మాదిరి, ఆయన ఏడ్చిన ప్రతిసారీ అమ్మ కూర్చుండిపోయేది, మళ్ళీ ఆ మంచం చాటు గొంతు ఎక్కణ్ణించో, ముక్క బాగలేకుంటే డ్రాప్ అయిపో పాపా, కొన్ని పాయింట్లు పోతాయి, పోనీ, చివరిదాకా కూర్చోవాలని యాడుంది, సిగ్గేంది, ఆ మాట చెప్పినవాడు ఆయనే, ఫోన్ తీసి రాసింది, నాయనా, తోటకు రాను, అమ్మను తీసుకురాను, ఆదివారం ముద్దనూరు స్టేషన్ ఎదురుగా టీకొట్టుకు రా, నాకు పోవాలనిపిస్తే లేచిపోతా, ఆపొద్దు, పంపించాక ఆరు గిన్నెల ముక్కను మరోసారి చూసింది, తలకిందులుగానే ఉంది, ఉండనీ, ఆయన మారాడా లేదా అన్నది నిజానికి తన ప్రశ్న కాదు, తాను లేచి రాగలదా అన్నదే, రాగలదు.