శాలువా కప్పి జీతం కోశారు

ఆయుధపూజ రోజు మిషన్లకు పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, ఆ తర్వాత ప్రమోషన్లు చదవడం మా కంపెనీ ఆనవాయితీ. మాది చౌటుప్పల్ దాటాక వచ్చే మందుల ఫ్యాక్టరీ. మొన్న దసరాకు నా పేరు చదివారు. "సుహాసిని, సీనియర్ కెమిస్ట్, ఇయ్యాల్టి సంది క్వాలిటీ ల్యాబ్ ఇన్‌ఛార్జి." శాలువా కప్పారు, దండ వేశారు, ఫొటో తీశారు. ఈ మాట కోసం ఏడేళ్లుగా కళ్లు కాయలు కాసేలా ఎదురుచూశాను. కళ్లనీళ్లు ఆగలేదు. జీతం ఎంత పెరుగుతుందని మాత్రం అడగలేదు. హోదా వస్తే జీతం దానంతటదే వెంట వస్తుందనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది, ఇంకేం చెప్పను!

మా ఆయన శ్రీశైలం నన్ను మించిపోయాడు. చౌటుప్పల్‌లో మోటార్ వైండింగ్ షాపు ఆయనది. ఆ ఫొటో పట్టుకొని సొంతూరు తిరుమలగిరికి పోయి చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టించాడు. కింద మా ఆడబిడ్డ వర్షిత నుంచి మేనమామ దాకా అందరి ముఖాలూ వరుసగా ఉన్నాయి. మా అత్త యాదమ్మ వాడకట్టంతా లడ్డూలు పంచింది.

నెలాఖరున జీతం పడింది. ఫోన్‌లో మెసేజ్ చూసి తప్పు చదివానేమో అనుకున్నాను. ముందటి నెల కంటే తక్కువ పడింది. పే స్లిప్ తీయించి చూస్తే సంగతి తేలింది. మూల జీతం రెండు వేలు పెంచారు, ఓవర్‌టైం మొత్తం తీసేశారు. కెమిస్ట్‌గా ఉన్నప్పుడు ఎక్కువ గంటలు పనిచేస్తే నెలకు ఆరేడు వేల దాకా వచ్చేది. ఇన్‌ఛార్జి అంటే ఆఫీసర్ గ్రేడు, ఆఫీసర్లకు మా దగ్గర ఓవర్‌టైం ఉండదు. పని పెరిగింది, బాధ్యత పెరిగింది, చేతికొచ్చేది తగ్గింది. ఒళ్లు మండిపోయింది.

సరాసరి హెచ్‌ఆర్ మేనేజర్ ఐలేశం సార్ గదికి పోయాను. ఆయన ఈ ప్రాంతం వాడే, మాట మెత్తగా ఉంటుంది, తాను అనుకున్నది మాత్రం చేసి తీరుతాడు.

"గిదేంది సార్? ప్రమోషన్ ఇచ్చి జీతం తగ్గిస్తరా?"

"తగ్గిచ్చింది ఏడుందమ్మా? రెండు వేలు పెరిగినయ్ గదా."

"ఓవర్‌టైం పోయింది గదా."

"అది జీతం గాదు. ఎక్కువ పని జేస్తే ఇచ్చేది." నవ్వాడు. "ప్రమోషన్ వేరు, ఇంక్రిమెంట్ వేరు, సుహాసినీ. నీకిచ్చింది హోదా. జీతం ముచ్చట ఏప్రిల్ల మాట్లాడుకుందం."

ఆ మాట నా చెవిలో పడగానే కోపం మధ్యలోనే బుర్ర పనిచేసింది. ఈయన చెప్పింది నిజమే. రెండూ వేర్వేరే. నేనే రెండింటినీ ఒక మూటగా చూశాను. వేర్వేరైతే వేర్వేరుగానే అడుగుతాను.

"సరే సార్. అయితే హోదా గురించి ఒక ముచ్చట, జీతం గురించి ఇంకో ముచ్చట. ఫస్టు జీతం చెప్పుండ్రి. ఇన్‌ఛార్జి గ్రేడు జీతం ఎక్కడ మొదలైతది? పాత జీతం మీద రెండు వేలు గాదు, గా గ్రేడుది చెప్పుండ్రి."

ఆయన నవ్వు ఆగింది. "అన్నీ ఒక్కపారే కావాల్నంటే ఎట్లమ్మా? గా హోదా కోసం ఎంతమంది చూస్తుండ్రో ఎరికేనా? మీ ఊర్ల ఫ్లెక్సీ గూడ కట్టిండ్రంట గదా."

ఫ్లెక్సీ! అంటే ఇప్పుడు నేను వద్దనలేనని ఈయన ధీమా. ఊరంతా చూశాక వెనక్కి తగ్గితే పరువు పోతుందని లెక్క వేసుకున్నాడు. ఎంత పాడు ఆలోచన!

ఆయన టేబుల్ మీద నా బాధ్యతల పత్రం ఉంది. ఇన్‌ఛార్జి ఏమేం చేయాలి, దేనికి పూచీ పడాలి అన్నది అందులో రాసి ఉంటుంది. నేను సంతకం పెట్టేదాకా ల్యాబ్ రికార్డుల్లో ఇన్‌ఛార్జి గడి నాది కాదు. ఇన్నాళ్లూ పని నేను చేస్తున్నా ఆ గడిలో సంతకం క్వాలిటీ హెడ్ పెడుతున్నాడు. సోమవారం విదేశీ కస్టమర్ ఆడిట్ ఉంది. వాళ్లు వచ్చీరాగానే అడిగేది ఎవరి పని ఎవరిదని. ల్యాబ్‌కు ఇన్‌ఛార్జి లేడంటే అక్కడికక్కడే తప్పు రాస్తారు.

ఐలేశం సార్ పెన్ను నా ముందుకు జరిపాడు. "సంతకం పెట్టు బిడ్డా. మిగిలినయ్ నేను చూస్కుంట."

"పెట్ట. నేను ఇంక సీనియర్ కెమిస్టునే. నా ఓవర్‌టైం నాకియ్యుండ్రి."

పెన్ను వెనక్కి తీసుకొని ఆయన ఇంకో దారి తీశాడు. "పోనీ, పైసలు పెంచుత. ఏడు వేలు. హోదా మాత్రం సీనియర్ కెమిస్టే ఉంటది, కాయితంల ఇన్‌ఛార్జిగ క్వాలిటీ హెడ్ పేరు రాసుకుంటం. పని గిదే. నీకు కావాల్సింది పైసలే గదా?"

చెప్పొద్దూ, మనసు ఊగింది. ఇంటి కిరాయి, పిల్లల ఫీజులు ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. బయటికి వచ్చి శ్రీశైలానికి ఫోన్ చేశాను.

"తీస్కో, ఫికర్ చెయ్యకు. ఫ్లెక్సీ నేను పీకేపిస్త. పేరు కూడు పెడ్తదా?" అన్నాడు.

"పెడ్తదయ్యా, పెడ్తది! నాకంటే ముందు ఇన్‌ఛార్జి ఎల్లేష్ గిక్కడి సంది ఎట్ల పోయిండు? ఇన్‌ఛార్జి అని ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ ఉన్నదనే వేరే కంపెనీ పెద్ద జీతం ఇచ్చింది. పైసలు గిక్కడ ఖర్సైపోతయ్. పేరు నా ఎంబడి వస్తది."

ఫోన్ పెట్టేసి మళ్లీ లోపలికి పోయాను. ఈసారి కూర్చోలేదు.

"రెండూ కావాలె సార్. ఒకటి చూపిచ్చి ఇంకోటి గుంజుకోవద్దు. దసరా తారీఖు నుంచి ఇన్‌ఛార్జి హోదా రాసియ్యుండ్రి. గా తారీఖు నుంచే గ్రేడు జీతం ఇంకో లెటర్ల రాసియ్యుండ్రి."

"మరైతే ఏప్రిల్ ఇంక్రిమెంట్ ఉండది. అది గిండ్లనే కలిసిపోతది."

"ఎట్ల కలుస్తది? ఇంక్రిమెంట్ నేను చేసిన పనికి. గిది ఇకముందు మొయ్యబోయే పనికి. చేసింది వేరు, చేసేది వేరు. మీరే గదా రెండూ వేరన్నరు!"

ఐలేశం సార్ కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పడేశాడు. "జర ఆగు. గింత లొల్లి ఎల్లేష్ గూడ చెయ్యలే."

"ఎల్లేష్‌ను అడిగిండ్రా సార్, పేరు కావాల్నా పైసలు కావాల్నా అని?"

ఆయన కళ్లద్దాలు మళ్లీ తీసుకొని తుడవసాగాడు.

"చెప్పుండ్రి. అడిగిండ్రా?"

"వాని ముచ్చట వేరే." గొంతు తగ్గించాడు. "వాడు మొగోడు, ఇల్లు నడపాలె గదా."

ఏడేళ్లు! ఏడేళ్లు ఒకే ల్యాబ్‌లో, ఒకే మిషన్ల ముందు, ఎల్లేష్‌కు పని నేర్పించింది కూడా నేనే. నా ఇల్లు ఏ గాలికి నడుస్తోందని ఈయన అనుకుంటున్నాడు? మోటార్ షాపులో కరెంటు బిల్లుకు కూడా డబ్బులు రాని నెలలు ఎన్నో ఉన్నాయి. నోటికొచ్చిన తిట్లన్నీ పళ్ల మధ్య నొక్కి పట్టాను.

"నా ఇల్లు నేనే నడుపుతున్న సార్. గిప్పుడన్న మాట సోమవారం వచ్చేటోళ్ల ముందట గూడ అనుండ్రి, నేనూ పక్కనే నిలబడ్త."

ఆయన ముఖం తెల్లబోయింది. ఫోన్ ఎత్తి ప్లాంట్ హెడ్‌తో చాలాసేపు మాట్లాడాడు.

సాయంత్రానికి రెండు లెటర్లు వచ్చాయి. ఒకదాంట్లో హోదా, ఒకదాంట్లో జీతం, రెండూ దసరా తారీఖుతో. ఏప్రిల్ ఇంక్రిమెంట్ మామూలుగానే ఉంటుందని కింద ఒక వాక్యం. రెండూ రెండుసార్లు చదివి, ఆ తర్వాతే బాధ్యతల పత్రం మీద సంతకం చేశాను.

"ఖుషీయేనా ఇగ?" అని అడిగాడు ఐలేశం సార్.

"లేదు సార్," అన్నాను. "ఎల్లేష్‌కు అడగకుండ ఇచ్చిండ్రు. నాకు ఆడిట్ భయానికి ఇచ్చిండ్రు."