తొమ్మిదో స్లైడు కింది ఫొటోలు

ఫిబ్రవరి పదకొండు, బుధవారం. ఆ రోజు కళ్యాణి డబ్బాలో చింతపండు పులిహోర ఉంది. హైదరాబాద్‌లో ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చుని రెండు ముద్దలు తిన్నదో లేదో, వీడియో కాల్‌లోకి రమ్మని కబురొచ్చింది. కాల్ ముగిసేసరికి ఉద్యోగం లేదు. పులిహోర మాత్రం ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. పారేయడమెందుకని కూర్చుని తినేసింది. పల్లీలు ఇంకా కరకరలాడుతూనే ఉన్నాయి.

సాయంత్రానికల్లా ల్యాప్‌టాప్ తీసేసుకున్నారు. హాస్టల్ ఖాళీ చేసి మిర్యాలగూడ చేరింది. ఏప్రిల్ వచ్చినా పిలుపులు రాలేదు. అప్పుడు సూర్యాపేట నుంచి అక్క స్వరూప ఫోన్ చేసి, "మీ బావ దుకాణంల కంప్యూటర్ ఉన్నది. వచ్చి గీడ కూసొని ఏం చేసుకుంటవో చేసుకో" అంది.

బావ వెంకట్‌ది ఫ్లెక్స్‌ల దుకాణం. నాయకుల పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, దశదిన కర్మలు అన్నీ ఒకే మిషన్ మీద అచ్చవుతాయి. కళ్యాణి మొదటి పేజీకి నల్లరంగు వేసి, మధ్యలో తన ఫొటో పెట్టేసరికి వెంకట్ వెనక నుంచి తొంగిచూశాడు.

"మరదలా, ఎవరికి గీ శ్రద్ధాంజలి?"

"నా ఉద్యోగానికి బావా."

"అయితే దండ వెయ్యాల్నా? మస్తు మోడళ్లున్నయి."

కళ్యాణి రంగు మార్చింది. ఇది తొమ్మిది పేజీల క్యారౌసెల్ అనీ, లింక్డ్‌ఇన్‌లో పెడితే జనం ఒక్కో పేజీ పక్కకు జరుపుతూ చదువుతారనీ, ఉద్యోగాలిచ్చేవాళ్లు అక్కడే తిరుగుతుంటారనీ చెప్పింది.

"అంటే ఒక్క ఫ్లెక్స్‌ను తొమ్మిది ముక్కలు చేసుడన్నట్టు."

"అట్లనే అనుకో."

ముక్కలు చేయడం సులువే. వాటి మీద ఏం రాయాలన్నదే కష్టం. కళ్యాణి మొదట రాసుకున్న రెండో పేజీ ఇలా ఉంది: 'మా మేనేజర్‌కు సంగతి నెల ముందే తెలుసు. అయినా ముందురోజు నాతో బర్త్‌డే కేక్ కోయించాడు.' అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కానీ వెళ్లేటప్పుడు కంపెనీని చెడ్డగా మాట్లాడనని సంతకం పెట్టింది. పైగా ఆ మాట చదివి తనను పనిలోకి తీసుకోవాలని ఎవరికనిపిస్తుంది? తీసేసింది. దాని బదులు 'సంస్థాగత మార్పుల వల్ల నూతన ప్రయాణం' అని రాసింది. చదువుకుంటే తనకే ఆవులింత వచ్చింది. అదీ తీసేసింది.

చివరికి మిగిలినవి ఇవి. రెండో పేజీ, కంపెనీ పేరు, క్లయింటు పేరు లేకుండా: 'మా ప్రాజెక్టు ఆగింది. మా టీమ్‌లో చాలామందితో పాటు నేనూ బయటికొచ్చాను.' మూడో పేజీ: 'నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేత్తోనే చేశాను. ఆ పని ప్రోగ్రాంతో చేయించే ఆటోమేషన్ నేర్చుకోమని చెప్పినప్పుడు పని ఎక్కువుందన్నాను. పని ఎక్కువుండటం వేరు, ఎదగడం వేరు.' నాలుగో పేజీలో, ఆ తర్వాత నేర్చుకున్నదేమిటో, చేసిన చిన్న ప్రాజెక్టు ఎక్కడ చూడొచ్చో. తర్వాతి నాలుగింట్లో ఇన్నాళ్లూ చేసిన పనులు. చివరిదైన తొమ్మిదో పేజీలో ఏ ఉద్యోగం కావాలి, ఏ ఊళ్లో, ఎప్పట్నుంచి చేరగలదు, మెయిల్ ఐడీ.

"మూడోదాంట్ల నీకు పని రాదని నువ్వే చెప్పుకుంటున్నవ్ కదనే" అన్నాడు వెంకట్.

"నాలుగోదాంట్ల వచ్చిందని చెప్తున్న గద బావా. రెండూ పక్కపక్కన ఉంటేనే నమ్ముతరు."

అన్నానికి ఇంటికి వెళ్తూ, "పీడీఎఫ్ చేసి పెట్టు బావా" అంది. వెంకట్ టీమ్ ఫొటో ఒకటి ఫోల్డర్‌లో చూసి, "వీళ్లు గూడ నీతోని పోయినోళ్లేనా? పేర్లేంది?" అని అడిగాడు. చెప్పులేసుకుంటూ అందరి పేర్లూ చెప్పింది. తిరిగొచ్చాక ఫైలు తెరవకుండానే పోస్ట్ చేసింది. పొద్దున చూసిందే కదా అనుకుంది.

వెంకట్‌కు వృత్తిధర్మం ఒకటుంది. ఆ జిల్లాలో ఏ ఫ్లెక్స్ అయినా కింద వరసగా చిన్న ఫొటోలుండాలి. లేకపోతే మనిషి వెనక ఎవరూ లేరనుకుంటారు. ఒకరి ఫొటో తప్పిపోతే నెల రోజులు మాటలుండవు. మరదలు ఒంటరిగా కనిపించడం అతనికి నచ్చలేదు. తొమ్మిదో పేజీ కింద నలుగురి ముఖాలు గుండ్రంగా కత్తిరించి, పేర్లు రాసి, ఇంగ్లీషు పేజీ మీద తెలుగులో ఒక లైను వేశాడు: 'ఉద్యోగం పోయి ఎదురుచూస్తున్న మిత్రబృందం.'

మూడింటికి కోదాడ నుంచి నాగరాణి ఫోన్ చేసింది. ఆమె వరసలో రెండో ముఖం.

"ఏంటే కళ్యాణీ, నా ఫొటో ఎందుకు పెట్టావు?"

"నీ ఫొటోనా? నేనేడ పెట్టిన?"

"చివరి పేజీ చూడు. మా మరిది కృష్ణ లైకు కూడా కొట్టాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదే నేను. రోజూ గదిలో తలుపేసుకుని కూర్చుంటున్నా, మీటింగులున్నాయని. ఇప్పుడు మా అత్తమ్మకి ఏం చెప్పాలి?"

కళ్యాణి పోస్ట్ తెరిచింది. పైన రాసిన మాటలు మార్చుకోవచ్చు గానీ, ఒకసారి పెట్టిన పేజీలు మార్చడానికి వీల్లేదు. ఉంచితే అలాగే ఉంచాలి, తీస్తే మొత్తం తీసేయాలి. కింద కామెంట్లు వస్తున్నాయి. యాకోబు అని వేరే కంపెనీ మేనేజర్ ఒకాయన రాశాడు: 'మూడో పేజీ నిజాయితీగా ఉంది. మా టీమ్‌లో ఒక ఖాళీ ఉంది. మాట్లాడదాం.' రెండు నెలల్లో ఆమెకొచ్చిన మొదటి 'మాట్లాడదాం' అదే.

"జర ఆగు," అన్నాడు వెంకట్. యాకోబు కామెంటు మీద వేలు పెట్టాడు. "సారుతోని మాట్లాడినంక తీద్దాం."

"అప్పటిదాంక ఆమె గదిల ఎట్ల కూసుంటది బావా?"

తీసేసింది. ఆయన కామెంటూ దాంతోపాటే పోయింది. పేరు మాత్రం గుర్తుంది. వెతికి పట్టుకుని, మెసేజ్‌లు పంపుకునే వీలుండేలా కనెక్షన్ అడిగింది. ఫొటోల్లేని ఫైలును ప్రతి పేజీ తెరిచి చూసుకుని మళ్లీ పెట్టింది. ఈసారి గంట గడిచినా ముగ్గురే లైకు కొట్టారు. వాళ్లలో ఒకరు స్వరూప.

వెంకట్ చాయ్ తెప్పించాడు. రెండు మిర్చిబజ్జీలు కూడా తెప్పించి ఆమె వైపు జరిపాడు.

చీకటి పడే వేళకు యాకోబు నుంచి మెసేజ్ వచ్చింది: 'పోస్ట్ ఎందుకు తీసేశారు?'

సాంకేతిక సమస్య అనొచ్చు. మా బావ చేశాడనీ అనొచ్చు. చివరికి కళ్యాణి ఇలా రాసింది: 'ఒక సహోద్యోగి వివరాలు ఆమె అనుమతి లేకుండా అందులో వచ్చాయి. పెట్టేముందు చూసుకోకపోవడం నా తప్పు. సరిచేసి మళ్లీ పెట్టాను.' పంపాక, టెస్టర్‌నని చెప్పుకుని చూసుకోలేదని రాసిన సంగతి తట్టింది. ఇక చేసేదేం లేదు.

జవాబొచ్చింది: 'రేపు పదకొండింటికి కాల్. రెజ్యూమె పంపండి.'

"అయితదా?" అన్నాడు వెంకట్.

"తెల్వదు బావా. మాట్లాడుతనంటుండు."

మిషన్ ఆపి, వెంకట్ బయట సామాను సర్దుతుండగా నాగరాణి మళ్లీ ఫోన్ చేసింది. గొంతు తేలికగా ఉంది.

"మా అత్తమ్మకి ఎప్పుడో తెలుసటే. మీటింగంటావు గానీ లోపల్నుంచి ఒక్క మాటైనా వినపడదేంటమ్మా అంది. అయినా ఆ టైములో రోజూ టీవీ సౌండు తగ్గిస్తూనే ఉంది మహాతల్లి."

"నిన్నేం అనలేదా?"

"తలుపు తీసుకుని కూర్చో, గదిలో ఉక్క అంది." నాగరాణి ముక్కు చీదింది. "ఇంక నాకూ ఒకటి చేసిపెట్టవే. ఫొటో మాత్రం నేనిస్తా, అందులోది వద్దు. దాంట్లో కళ్లు మూసుకున్నా."

"మొదటి పేజీల ఏం రాద్దాం చెప్పు" అంటూ కళ్యాణి మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగింది.

వెంకట్ రోజూ షట్టర్‌ను బజారంతా వినేలా దించుతాడు. ఆ రోజు సగం దించి, లోపల ఆమె మాట్లాడుతుండటం విని ఆగాడు. తర్వాత అద్దం తలుపు ఒక్కటే, చప్పుడు కాకుండా దగ్గరకు వేసి, బయట స్టూలు మీద కూర్చున్నాడు.