ముందే ‘అత్తయ్యా’ అన్నవాడు

“మీ ఇష్టం మావయ్యా” అన్నాడతను.

నాన్న మురిసిపోయాడు. అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి గుమ్మంలో నిలబడింది. నాన్న అడిగింది చిన్న విషయం కాదు. “ఇంకా ఆలస్యం దేనికి, పెళ్ళికి ఒక తేదీ అనేసుకుందామా?” అని. దానికి అతను కంచంలోంచి తలెత్తి, నాన్న వైపు చూసి, నవ్వుతూ చెప్పిన జవాబు అది. నా వైపు చూడలేదు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను.

ఇంటిల్లిపాదీ గాల్లో తేలిపోతుంటే నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎందుకంటే అలాంటి జవాబులు వినడమే నా ఉద్యోగం.

నేను కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేస్తాను. సగం చీకటిగా ఉండే చిన్న గది, ఎదురుగోడ మీద వెలిగే అక్షరాలు, వచ్చినవాళ్ళ ముక్కు మీద బరువైన ఇనప ఫ్రేము. అందులో అద్దాలు మార్చి మార్చి పెడుతూ “మొదటిది బాగుందా, రెండోదా?” అని అడగాలి. కళ్ళతో నాకెప్పుడూ పేచీ లేదు. పేచీ అంతా కుర్చీ వెనక నిలబడే చుట్టాలతోనే. “అదిగో, ఇప్పుడు బాగా కనిపిస్తోంది కదా నాన్నా!” అంటుందొక కూతురు. ఆ పెద్దాయన కూతుర్ని చిన్నబుచ్చడం ఇష్టంలేక తలూపుతాడు. ఆ తలూపుడును నమ్మి అద్దాలు చేయిస్తే నాలుగు రోజులకే తలనొప్పి అంటూ వస్తాడు, లేదా ఆ అద్దాలు సొరుగులో పడుంటాయి.

అందుకే ముందు చుట్టాల్ని బయట కూర్చోబెడతాను. తర్వాత కుర్చీలో ఉన్న మనిషికి చెబుతాను: “రెండూ ఒకేలా ఉన్నాయంటే అదీ జవాబే. తెలియడం లేదన్నా జవాబే. నన్ను సంతోషపెట్టడానికి మాత్రం ఏమీ చెప్పకండి.” ఇంకా అనుమానం ఉంటే అవే రెండు అద్దాల్ని వరస మార్చి మళ్ళీ అడుగుతాను. నిజంగా తేడా కనిపిస్తున్నవాడు అప్పుడు రెండోది కాదు, మొదటిది అంటాడు. మొహమాటపడేవాడు రెండుసార్లూ రెండోదే అంటాడు.

ఆ సాయంత్రం అతన్ని మెట్ల దాకా సాగనంపుతూ అడిగాను. “వచ్చే నెలలోనే పెట్టుకుందామా?”

“పెట్టుకుందాం.”

నాలుగు మెట్లు దిగాక, “లేదంటే ఒక ఏడాది ఆగుదామా?” అన్నాను.

“సరే, ఆగుదాంలే. నీ ఇష్టం” అన్నాడు.

రెండు అద్దాలకీ ఒకే తలూపుడు.

అతను లిఫ్టులు బాగుచేస్తాడు. మా దుకాణం ఉన్న భవనంలో ఒకసారి లిఫ్టు అంతస్తుల మధ్య ఆగిపోయి నేను లోపల ఇరుక్కుపోతే పైనుంచి ఒక గొంతు వినిపించింది: “లోపలున్నది ఎవరండీ? తలుపు లాగకండి. నేను వచ్చేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి.” నేను చూపు పరీక్షలు చేస్తానని చెబితే, “అయితే డాక్టరమ్మని దించుతున్నానన్నమాట” అన్నాడు. డాక్టర్ని కానని ఎన్నిసార్లు చెప్పినా ఆ పిలుపు మానలేదు.

ఆ పరిచయం పెరిగాక నేను అతన్ని మా ఇంటికి తీసుకెళ్ళిన మొదటిరోజే వంటింట్లో కారుతున్న కుళాయిని చూసి, ఎవరూ అడగకుండానే చొక్కా చేతులు మడిచాడు. అంతే, అమ్మ అతన్ని నెత్తిన పెట్టుకుంది. నాన్నకు చదరంగంలో గెలవనిచ్చేవాడు కాకుండా నిజంగా ఆడి ఓడేవాడు దొరికాడు. ఒకరోజు అమ్మ, “ఆ ఆంటీ ఏంటి బాబూ, అత్తయ్యా అను” అంటే అక్కడికక్కడే అన్నాడు. అప్పటికి నాతో పెళ్ళి మాటే ఎత్తలేదు. అదేంటని నేనూ అడగలేదు. అతను వస్తే కూరలో ఉప్పు సరిపోయిందో లేదో ముందు అతన్ని అడిగేవాళ్ళు. చూస్తుండగానే ఆ ఇంటికి అతను కొడుకు, నేను కోడలు అయిపోయాం.

అతనికి అలాంటి ఇల్లు లేదు. చిన్నప్పుడే తల్లి పోయింది. తర్వాత ఒక బంధువు ఇంటి నుంచి ఇంకో బంధువు ఇంటికి తిరుగుతూ పెరిగాడు. ‘అన్నం తిన్నావా’ అని అమ్మ అడిగిన ప్రతిసారీ అతని కళ్ళు మెరవడం నేను చూశాను. ఆ మెరుపు నాకోసమే అనుకున్నాను. అమ్మయితే రోజూ సాక్ష్యాలు వినిపించేది. “నువ్వంటే ప్రాణం కాకపోతే మీ నాన్న మాత్రలు గుర్తుపెట్టుకుని తెస్తాడా? కిటికీ గడియ బిగిస్తాడా?” వినగా వినగా నాకూ నిజమే అనిపించింది.

గడియ బిగించిన రోజు ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. అమ్మా నాన్నా ఊరెళ్ళారు. టీ తాగాం. ఏదో అనబోయి ఇద్దరం ఆగిపోయాం. అతను లేచి గడియ బిగించాడు, తర్వాత అల్మరా తలుపు సరిచేశాడు. బాగుచెయ్యడానికి ఇంకేమీ దొరకలేదు. “అత్తయ్య వాళ్ళు ఎప్పుడొస్తారు?” అని అడిగి, పొద్దుండగానే వెళ్ళిపోయాడు. మర్యాద తెలిసిన మనిషని అమ్మ అతన్ని ఇంకా మెచ్చుకుంది.

నాన్న పెళ్ళి తేదీ మాటెత్తిన మర్నాడు మధ్యాహ్నం అతను మా భవనంలో లిఫ్టు తనిఖీకి వచ్చాడు. దుకాణంలో ఎవరూ లేని సమయం చూసి పిలిచాను. పరీక్ష గదిలో ఉన్నవి రెండే కుర్చీలు. అతను అక్షరాలకు ఎదురుగా ఉన్నదాంట్లో కూర్చున్నాడు. చేతులకు గ్రీజు ఉందని వాటిని ఒళ్ళో పెట్టుకున్నాడు.

“నిన్న నాన్నతో మీ ఇష్టం అన్నావు. నీ ఇష్టం ఏంటి?”

“నాకేం అభ్యంతరం లేదు.”

“అభ్యంతరం సంగతి అడగలేదు.”

“మావయ్యా అత్తయ్యా నన్నెంత బాగా చూసుకుంటారో నీకు తెలుసు కదా. అలాంటివాళ్ళు...”

“వాళ్ళు ఇక్కడ లేరు. మా అమ్మ ఏమనుకుంటుందో, నాన్న ఏమైపోతాడో నేను చూసుకుంటాను. నీకు నేను కావాలా? తెలీడం లేదంటే తెలీడం లేదను, అదీ జవాబే. నేను ఏడ్చినా సరే, నిజమే చెప్పు.”

అతను గోళ్ళలోని గ్రీజు గీక్కుంటూ కూర్చున్నాడు. నాకు మధ్యలో మాట అందించాలని నోరు దురదపెట్టింది. ‘ఇష్టమే కదా, కాస్త భయం అంతే కదా’ అని నేనే అనేస్తే అవునంటాడు. అది నాకు తెలుసు. పళ్ళు బిగించి ఊరుకున్నాను.

“మీ ఇంటి మెట్లెక్కుతుంటేనే నాకు ప్రాణం లేచొస్తుంది” అన్నాడు చివరికి. “మావయ్య బల్ల మీద అన్నీ సర్ది పెట్టుకుని ఉంటారు. లోపల్నుంచి అత్తయ్య గొంతు వినిపిస్తుంది. కానీ నువ్వొక్కదానివే ఎక్కడికైనా రమ్మంటే... ఏం మాట్లాడాలా అని దారంతా ఆలోచించుకుంటూ వస్తాను. నువ్వంటే గౌరవం. నీకు చిన్న దెబ్బ తగిలినా తట్టుకోలేను. అది పెళ్ళి చేసుకునేంత ఇష్టమో కాదో మాత్రం నిజంగా తెలీడం లేదు. కొన్నాళ్ళు పోతే తెలుస్తుందేమో అనుకున్నాను. ఈలోగా వాళ్ళు నన్ను కలిపేసుకున్నారు. కాదంటే ఆ ఇల్లు పోతుంది. అందుకే అన్నిటికీ సరే సరే అంటూ వచ్చాను.”

అతని మీద కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. మా అమ్మ మీద అసూయ కలిగింది. కన్నతల్లి మీద అసూయపడే గతి పట్టినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

“మరిప్పుడు మావయ్యకి ఏమని చెప్పాలి?” అన్నాడు.

“నువ్వేం చెప్పకు. ఇంటికి రాకు. నేను కావాలనిపిస్తే నా దగ్గరికి రా. ఇక్కడికి, ఈ దుకాణానికి. ఆ ఇంటికి కాదు.”

అప్పుడు ఏడ్చాడు. నేనంటే ఇష్టమో కాదో తెలీదన్నప్పుడు కాదు, ఇంటికి రావద్దన్నప్పుడు. గ్రీజు చేతులతో మొహం తుడుచుకుంటే చెంప మీద నల్లటి చార పడింది. దూది ఇచ్చాను. తుడుచుకుని వెళ్ళాడు.

నేను ఇల్లు చేరేసరికి నాన్న చదరంగం పావులు పేర్చుకుని కూర్చున్నాడు. అమ్మ అతనికి ఇష్టమైన కూర పొయ్యి మీద పెట్టింది. అమ్మనీ వచ్చి కూర్చోమని, ఇద్దరికీ అతను చెప్పింది చెప్పినట్టు చెప్పాను.

“నువ్వు గుచ్చి గుచ్చి అడిగుంటావు” అంది అమ్మ. “నీ నోరు సంగతి నాకు తెలీదా? బంగారం లాంటి పిల్లాడిని పట్టుకుని పోలీసులా ప్రశ్నలేంటే? ఉండు, నేను మాట్లాడతాను. నా మాట కాదనడు.”

“కాదనడమ్మా. అందుకే మాట్లాడొద్దంటున్నాను.”

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

“నువ్వు అడిగితే రేపే పెళ్ళి చేసుకుంటాడు. నువ్వు అడిగావని చేసుకుంటాడు. ఆ తర్వాత మీరు ఊరెళ్ళిన ప్రతిసారీ కిటికీ గడియలు బిగించుకుంటూ తిరుగుతాడు. నాకు అలాంటి మొగుడు వద్దు. అతను తేల్చుకునేదాకా మీరు పిలవకూడదు, ఫోన్ చెయ్యకూడదు.”

“అంటే మమ్మల్ని చూడ్డానికి కూడా రాడా?” అన్నాడు నాన్న. కూతురి సంబంధం చెడితే బాధపడే గొంతు కాదది, ఆడుకునే తోడు పోయిన పిల్లాడి గొంతు. ఆ మనిషిని చూస్తే జాలేసింది.

అమ్మ లేచి పొయ్యి కట్టేసి వచ్చి, కుర్చీలో కూలబడింది. నాన్న పావుల్లోంచి చూపు తిప్పి నన్ను చూశాడు.

“వాడి సంగతి సరే. మరి నీకు వాడంటే ఇష్టమా? మాకు నచ్చాడని కాకుండా.”

“ఇష్టం లేకుండానే...” అని అమ్మ అందుకోబోయింది. నాన్న చెయ్యెత్తి ఆపాడు.

ఈ మాట నన్నింతవరకూ ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. ఫ్రేములోంచి ఒక్కో అద్దం తీసినట్టు మనసులో కుళాయి తీసేశాను, మాత్రలు తీసేశాను, అత్తయ్యా అన్న పిలుపు తీసేశాను. ఆగిపోయిన లిఫ్టులో చీకట్లో పైనుంచి వినిపించిన గొంతు మిగిలింది. నన్ను డాక్టరమ్మా అన్నది ఆ గొంతొక్కటే.

“ఇష్టమే నాన్నా” అన్నాను. అన్నాక ఇక ఆగలేకపోయాను. అమ్మ లేచొచ్చి నా తల తన పొట్టకు ఆనించుకుంది.

అప్పుడు ఫోన్ మోగింది. నాది కాదు, నాన్నది. చదరంగం బల్ల మీద అతని బొమ్మ వెలుగుతోంది. అమ్మ చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. అది మోగి మోగి ఆగిపోయేదాకా నాన్న నా వైపే చూస్తూ కూర్చున్నాడు. ఫోన్ ఎత్తలేదు.