ఖాళీగా ఉండనివ్వని గడి

విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథాలు తీసుకునే విభాగంలోని గుమాస్తాను అందరూ కామా గారంటారు. కామా ఒకటి తప్పిపోయిందని ఫైళ్లు వెనక్కి పంపడం ఆయనకు అలవాటు. ఈసారి పరిశోధకురాలి ఫైలును వెనక్కి పంపింది మాత్రం ఆయన కాదు, ఆమె గైడు మేడమ్.

"ఈ గ్రంథసూచి ఏంటమ్మా ఇలా ఉంది? 'ఎస్' దగ్గర పద్దెనిమిది మంది రచయితలు ఎందుకు దిగారు?"

"పేరు ముందు ఎస్ ఉంది కదా మేడమ్."

"నిన్ను వెతకాలంటే పేరుతో వెతుకుతారా, పొడి అక్షరంతోనా? పేరు ముందుకి, అక్షరం కామా తర్వాతకి. ఆ అక్షరం వెనకాల ఏముందో ఊహించి పూర్తిగా రాయకు. పుస్తకం మీద లేనిది మనం పుట్టించకూడదు. సరిచేశాకే సంతకం."

గ్రంథం సమర్పించే గడువు ఆ రోజు అయిదు గంటల వరకే. ఇచ్చిన పొడిగింపు కూడా అయిపోయింది. అది దాటితే ఏడేళ్ల నమోదు రద్దవుతుంది. గ్రంథాలయంలో కంప్యూటర్ ముందు కూర్చునేసరికి ఒంటిగంటయింది.

తప్పు తనదే. సూచికలు పేర్చే సాఫ్ట్‌వేర్‌లో రెండు గడులుంటాయి: ఇంటిపేరు, పేరు. ముందున్నదాన్ని ముందు గడిలో వేసుకుంటూ పోయింది. అందుకే గ్రంథంలో ఎక్కడ చూసినా 'ఎస్, 1998' అని పడింది. ఏ ఎస్సో ఎవరికి తెలుస్తుంది? నలభై ఒక్క నమోదుల్లో అక్షరాలను రెండో గడిలోకి, పేర్లను మొదటి గడిలోకి మార్చింది. లోపల పేజీల్లో ఉదహరింపులు వాటంతటవే మారాయి.

జాబితా మొదట్లో, మొదటి అక్షరం కంటే ముందు, ఆరుగురు మిగిలారు. వాళ్లవన్నీ ఒంటి పేర్లు, ముందు పొడి అక్షరం కూడా లేదు. ఇంటిపేరు గడి ఖాళీగా వదలడానికి భయపడి అప్పట్లో అందులో చుక్క పెట్టింది. ఆ ఆరుగురిలో ఆమె కూడా ఉంది, అచ్చయిన తన ఒకే ఒక్క వ్యాసంతో. ఆమెదీ ఒంటి పేరే.

గడి పక్కన గోరంత గుర్తు ఉందని అప్పుడు చూసింది. నొక్కితే రెండు గడులూ కలిసి ఒకటయ్యాయి. పేరు మాత్రం రాసింది. ఆరుగురూ ఎవరి అక్షరంలోకి వాళ్లు, కామా లేకుండా, వెళ్లి కూర్చున్నారు.

మేడమ్ పేజీలు తిరగేసి సంతకం పెట్టింది. "వీళ్ల దగ్గర కామా లేదంటే ఆ గుమాస్తా ఊరుకోడు. ఆ ఆరు రచనల ముఖపత్రాలు పట్టుకెళ్లు."

నాలుగున్నరకు కామా గారు సరిగ్గా అక్కడే వేలు పెట్టారు.

"వీళ్లకి ఇంటిపేరేదమ్మా?"

"లేదండీ. ముఖపత్రాలు చూడండి, అంతే ఉంది."

"ఇంటిపేరు లేని మనుషులా! సొంతిల్లు లేకపోయినా అద్దింటి పేరన్నా ఉండాలే!" అని తనే నవ్వి, ఆరూ పోల్చి చూసి ముద్ర కొట్టారు. "సరే. ఇక నీ వివరాలు ఎక్కించు, రసీదు వస్తుంది."

తెరను ఆమె వైపు తిప్పారు. ఇంటిపేరు. పేరు. మొదటి గడి పక్కన ఎర్ర చుక్క. ఇక్కడ గోరంత గుర్తు లేదు. ఖాళీగా వదిలితే ముందుకు పోలేదు. చుక్క పెడితే 'అక్షరాలు మాత్రమే' అంది.

"నాకు లేదండీ ఇంటిపేరు. సర్టిఫికెట్లన్నిటిలో ఒకటే పేరు."

"నేనొప్పుకుంటానమ్మా. డబ్బా ఒప్పుకోదు. మీ ఆయనది కొట్టెయ్, పోతుంది."

భర్తకు ఫోన్ చేసింది. "మా ఇంటిపేరు పెట్టేయ్, దానికింత ఆలోచనా?" అన్నాడు. పెడితే సర్టిఫికెట్లతో పొసగదు, పట్టా ఆగిపోతుంది. పెట్టకపోతే ఈ రోజే ఆగిపోతుంది. అడకత్తెరలో పోకచెక్క అయింది తను.

"మీ పైవాళ్లను అడిగితే?"

"సెలవులో ఉన్నారు. అయిదుకి ఇది దానంతటదే మూసుకుంటుంది." కామా గారి గొంతు మెత్తబడింది. "ఒకాయన తన పేరే రెండుసార్లు కొట్టాడు. ఆయన సర్టిఫికెట్‌కి ఏ ఇబ్బందీ రాలేదు."

నాలుగు యాభై ఏడు. ఆమె మొదటి గడిలో తన పేరు రాసింది. రెండో గడిలో మళ్లీ అదే రాసింది. యంత్రం సంతోషంగా రసీదు బయటికి తోసింది.

వరండాలో బల్ల మీద ఫైలు తెరిచి చూసుకుంది. గ్రంథసూచిలో ఆమె వ్యాసం సరైన అక్షరం కింద, కామా లేకుండా, ఇద్దరు అపరిచితుల మధ్య బుద్ధిగా ఉంది. రసీదులో ఆమె పేరు, కామా, మళ్లీ ఆమె పేరు. గ్రంథాలయం సూచికలోకి ఎక్కేది ఇదే. రేపెవరైనా ఈ గ్రంథాన్ని ఉదహరిస్తే ఆ కామాతోనే రాస్తారు. అప్పుడు ఆ వ్యాసం రాసింది ఒకరు, ఈ గ్రంథం రాసింది ఇంకొకరు.

ఆమె లోపలికి తిరిగి వెళ్లింది. కామా గారు కిటికీ తలుపు దించుతున్నారు.

"దీన్ని తర్వాత మార్చుకోవచ్చాండీ?"

"దరఖాస్తు పెట్టుకోవచ్చమ్మా." ఆయన ఒక కాగితం తీసిచ్చారు.

దాని మొదటి వరుసలో రెండు గడులున్నాయి.