అక్కర్లేని పందొమ్మిది మంది

పొద్దున్న ఏడున్నరకి నా క్లినిక్ ముందు ట్రాక్స్ బండి ఆగింది. అందులోంచి పందొమ్మిది మంది దిగారు. ఒక్క బండిలో అంతమంది ఎలా పట్టారన్నది వైద్యశాస్త్రానికి సంబంధించిన ప్రశ్న కాదు కాబట్టి నేను అడగలేదు. అందరూ పరగడుపున వచ్చారు. తణుకు పక్క పల్లె నుంచి రాజమండ్రి దాకా గొంతులో కాఫీ చుక్క పడకుండా రావడం మా జిల్లాల్లో చిన్న త్యాగం కాదు.

"అందరికీ ఒకేసారి రక్తం తీయించేద్దామని తీసుకొచ్చేశానండి డాక్టరు గారూ," అన్నారు వీరాస్వామి గారు, ఓటర్ల జాబితా లాంటి కాగితం నా బల్ల మీద పెడుతూ. అందులో పేర్లు, వయసులు, చుట్టరికాలు వరసగా ఉన్నాయి. పదెకరాల మాగాణి స్వయంగా చేయించే మనిషి. ఏ పనైనా కోతలకి కూలీల్ని దింపినట్టే చేస్తారు.

ఇదంతా ఆయన పెద్దమ్మాయి సూర్యకళ వల్ల వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల. మార్చి నెలలో ఎడమ కాలు తొడ దాకా వాచి, మూడో రోజుకి ఆయాసంతో నా దగ్గరికి వచ్చింది. తొడలోని సిరలో రక్తం గడ్డ కట్టింది, అందులో ఒక ముక్క ఊపిరితిత్తికి చేరింది. ఆపరేషన్ ఏమీ జరగలేదు, పురుడు పోసుకుని నాలుగేళ్ళయింది, మంచం పట్టిందీ లేదు. పిల్లలు పుట్టకుండా మాత్రలు వాడుతున్నావా అని అడిగితే లేదంది. ఆ వయసులో ఏ కారణమూ లేకుండా అంత గడ్డ ఎందుకు కట్టిందా అని రక్తం హైదరాబాదు పంపాను. జన్యుపరీక్షలో ఐదో ఫ్యాక్టరు తేడా బయటపడింది.

రక్తాన్ని గడ్డ కట్టించే పదార్థాల్లో అది ఐదోది. పని అయ్యాక శరీరమే దాన్ని ఆపేస్తుంది. సూర్యకళ లాంటి వాళ్ళలో ఆ బ్రేకు సరిగా పట్టదు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి చొప్పున మనకి వచ్చే రెండు ప్రతుల్లో ఆమెకి ఒక్కదానిలోనే తేడా ఉంది. ఇలాంటి వాళ్ళలో చాలామందికి జన్మంతా ఏమీ కాదు. ఇంకో కారణం తోడైతేనే సాధారణంగా ప్రమాదం. రిపోర్టు వచ్చినా నేనిచ్చే వైద్యం మారలేదు, రక్తం పలచబడే బిళ్ళలే కొనసాగాయి. మారిందల్లా వీరాస్వామి గారి నిద్ర.

"ఇది వంశంలో ఉందంటే అందరికీ చూడాలి కదండీ?"

"చూసి ఏం చేస్తామండీ?" అన్నాను. నాకు జాబితాలంటే చిరాకు. "మీకు అరవై రెండేళ్ళు. ఎప్పుడూ గడ్డ కట్టలేదు. పరీక్షలో ఉందని తేలితే మీకు మందిస్తానా? ఇవ్వను. లేదని తేలితే ఏమైనా మానిపిస్తానా? మానిపించడానికి ఏమీ లేదు. మీ భార్యాభర్తల్లో ఎవరో ఒకరి నుంచే వచ్చి ఉంటుంది. ఎవరని తేల్చుకుని ఇంట్లో పోట్లాట పెట్టుకోవడం తప్ప లాభం లేదు."

వెనక ఎవరో నవ్వారు. నాకు ఉత్సాహం వచ్చింది. ఆరేళ్ళ పిల్లవాణ్ణి ముందుకు తోస్తే, చిన్నపిల్లలకి ఇప్పుడు ఈ పరీక్ష వద్దన్నాను. గుండెపోటు వచ్చిన తమ్ముడు పోతురాజు గారిని చూపిస్తే, అది ధమనుల గొడవ, దానికీ దీనికీ లంకె పెట్టి పరీక్ష చెయ్యరన్నాను. సూర్యకళ భర్త దొరబాబు, అతని తల్లి కూడా చేతులు చాచారు.

"మీకెందుకండీ? మీది వేరే రక్తం కదా?"

"ఆ పిల్ల మా ఇంట్లోనే కదండీ ఉంటుంది," అంది అతని తల్లి. పెళ్ళితో అంటుకునే జబ్బు కాదమ్మా అని చెప్పాను.

చివరగా ఒక ప్రశ్న అడగాలి కాబట్టి అడిగాను. "మీ వంశంలో ఇలా గడ్డ కట్టినవాళ్ళు గానీ, చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళు గానీ ఉన్నారా?"

"ఎవరూ లేరండి," అన్నారు వీరాస్వామి గారు. పోతురాజు గారు తలూపారు. కుర్చీలో కూర్చున్న వాళ్ళ అమ్మ అచ్చాయమ్మ గారు, ఎనభై దాటిన మనిషి, కొంగు సర్దుకున్నారు. ఆవిడకి సరిగా వినపడదేమో అనుకున్నాను.

"అయితే ఎవరికీ అక్కర్లేదు. వెళ్ళి కాఫీ తాగండి."

పందొమ్మిది మంది ఎదురుగా ఉన్న హోటలు మీద పడ్డారు. అనవసరపు పరీక్షలు రాయని డాక్టర్నని ఆ రోజంతా నా మీద నాకే ముచ్చటేసింది.

తర్వాత బుధవారం సూర్యకళ రక్తం పలచన ఎంతుందో చూపించుకోవడానికి వచ్చింది. లెక్క సరిగానే ఉంది. వచ్చే బుధవారం మళ్ళీ రమ్మన్నాను.

"వచ్చే వారం కుదరదేమోనండి. ఎల్లుండి చెల్లి పెళ్ళి. అప్పగింతలూ అవీ ఉంటాయి."

"చెల్లా? ఆ రోజు బండిలో రాలేదే?"

"దేవిశ్రీ అండి. పెళ్ళి కావాల్సిన పిల్ల కదా, దాన్ని తేలేదు. టెస్టు చేయించారని తెలిస్తే అవతలివాళ్ళు ఏదో ఉందనుకుంటారని నాన్నగారు ఇంటి దగ్గరే ఉంచేశారు."

జాబితాలో ఉన్నవాళ్ళనే చూశాను. లేనివాళ్ళెవరని అడగలేదు. జవాబును బట్టి చెయ్యాల్సింది మారే మనిషి ఆ ఇంట్లో ఎవరైనా ఉంటే, ఆమె ఒక్కతే. గడ్డ కట్టిన అక్కకి తోడబుట్టినది, పెళ్ళి కాబోతున్నది, రేపు గర్భం వచ్చేది.

"మీ చెల్లి ఏమైనా మందులు వాడుతోందా?"

"మందులేం లేవండి, గట్టి పిల్ల." చీటీ మడిచి సంచిలో పెట్టుకుంటూ అంది. "డేటు ఆపే బిళ్ళలు తప్ప. సరిగ్గా శుక్రవారమేనండి దానికి. నిన్నటి నుంచి వేసుకుంటోంది."

"అవెక్కడివి?"

"షాపులో ఇస్తారండి. మా ఇంట్లో అందరం వేసుకుంటాం, పెళ్ళిళ్ళకీ వ్రతాలకీ. నేనూ వేసుకున్నాను కదా, గృహప్రవేశానికి."

"ఎప్పుడు?"

ఆమె నా మొహం చూసి నెమ్మదిగా చెప్పింది. "ఫిబ్రవరి ఆఖర్లోనండి. వ్రతం రెండుసార్లు వాయిదా పడితే పదిహేను రోజులు వేసుకున్నాను. మీరు పిల్లలు పుట్టకుండా వేసుకునేవి అడిగారు. ఇవి అవి కావు కదండీ."

కావు. కానీ ఇవీ హార్మోన్లే. ఆ మోతాదులో కొంత శరీరంలోకి వెళ్ళాక ఆ గర్భనిరోధక మాత్రల్లో ఉండే హార్మోనుగానే మారుతుంది. ఆమె గడ్డకి లేదని నేను మూడు నెలలుగా చెప్పుకుంటున్న కారణం ఇదిగో, ఎదురుగా కూర్చుని ఉంది. నాకు భయం వేసింది. సూర్యకళ చేతే ఇంటికి ఫోను చేయించాను.

మధ్యాహ్నానికి దేవిశ్రీ, వీరాస్వామి గారు, ఆయన భార్య సూర్యకాంతం గారు, అచ్చాయమ్మ గారు వచ్చారు. దేవిశ్రీకి ఇరవై మూడేళ్ళు. చేతులకి గోరింటాకు. కాళ్ళు రెండూ కొలిచాను, సమానంగానే ఉన్నాయి. ఆయాసం లేదు. అప్పటికి నాలుగు బిళ్ళలు వేసుకుంది.

"ఇంక ఒక్కటి కూడా వద్దు," అన్నాను.

"ఆపేస్తే రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుందిగా," అంది సూర్యకాంతం గారు. "సరిగ్గా పీటల మీదే."

"రావచ్చు."

వీరాస్వామి గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "పోనీ ఇప్పుడు ఆ టెస్టు చేసెయ్యండి. లేదని వస్తే వేసుకోవచ్చు కదా?"

"రిపోర్టుకి పది రోజులు పడుతుంది. అదీ కాక, లేదని వచ్చినా వద్దనే చెప్తాను. అక్కకి గడ్డ కట్టిందంటే అదొక్కటే చాలు. మన పరీక్షకి దొరకని కారణాలు ఇంట్లో ఇంకా ఉండొచ్చు. ఈ బిళ్ళల సంగతి తేల్చడానికి పరీక్ష అక్కర్లేదు. రేపు గర్భం సంగతి వచ్చినప్పుడు పనికొస్తుంది, అప్పుడు అమ్మాయి కావాలంటే చేద్దాం."

"మొన్న ఎవరికీ అక్కర్లేదన్నారు. మేం ధీమాగా వెళ్ళాం."

"అన్నానండి. తప్పు నాది. ఎవరు రాలేదో అడిగి ఉండాల్సింది."

డాక్టరు తప్పు ఒప్పుకుంటే రోగులు సంతోషిస్తారని ఎవరో చెప్పగా విన్నాను. ఎవరూ సంతోషించలేదు. ముహూర్తం మార్చలేమని ఆయన, నాలుగు రోజులకి ఏమవుతుందండీ, ఊళ్ళో అందరూ వేసుకుంటారని ఆవిడ. నిజమే, అందరూ వేసుకుంటారు, ఎక్కువమందికి ఏమీ కాదు. ఆ మాట నేనూ కాదనలేకపోయాను. దేవిశ్రీ ఎవరి వంకా చూడకుండా గోరింటాకు చేతులు చూసుకుంటోంది. ఎవరైనా అడిగితే చెబుదామని ఉన్నట్టుంది, ఎవరూ అడగలేదు. ఇంటికెళ్ళాక ఆ బిళ్ళలు తల్లి చేత్తోనే నోట్లో పడతాయని నాకు తెలుస్తూనే ఉంది.

"నీ అక్క వీరదుర్గకి కూడా ఎడం కాలేరా," అంది అచ్చాయమ్మ గారు కొడుకుతో.

అందరం ఆవిడ వైపు తిరిగాం. ఆవిడకి బాగానే వినపడుతుంది.

"పురుడొచ్చిన తొమ్మిదో రోజు. కాలు స్తంభంలా వాచిపోయింది. తోమిన పళ్ళెంలా నున్నగా మెరిసింది. నీళ్ళు పోసి లేవదీస్తుంటే ఆయాసం అంది. మంచం దాకా నడవకుండానే పోయింది. బాలింత సన్నిపాతం అన్నారు. నేనూ అదే అనుకున్నాను ఇన్నాళ్ళూ."

"పురిట్లో పోయిందనే తెలుసు, ఈ కాలు సంగతి నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా," అన్నారు వీరాస్వామి గారు.

"నీకప్పుడు పదకొండేళ్ళు. మొన్న ఈయన అడిగితే ఎవరూ లేరని నువ్వే చెప్పేశావు. మగాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో నేనేం చెప్పను?"

నేను తల దించుకున్నాను. మొన్న నేనూ ఆ మగాళ్ళలో ఒకణ్ణే.

"మైలంటారా," ఆవిడ కోడలి వైపు తిరిగింది, "తలస్నానం చేయిస్తే పోద్ది. దుర్గ పోయింది. ఎన్ని స్నానాలు చేయిస్తే వచ్చింది?"

సూర్యకాంతం గారు ఏడుస్తూ హ్యాండుబ్యాగు తెరిచి, అట్టలో మిగిలిన బిళ్ళలు తీసి నా బల్ల మీద పెట్టేసింది.

దేవిశ్రీకి శుక్రవారం పొద్దున్నే వచ్చిందని సూర్యకళ తర్వాత చెప్పింది. పురోహితుడికి చెప్పాలా వద్దా అని ఇంట్లో గుసగుసలు పడుతుంటే, అచ్చాయమ్మ గారు నడుం బిగించి తనే పీట వేసి, మనవరాలికి తనే నలుగు పెట్టి, మంగళస్నానం తనే చేయించిందట. ఒళ్ళు రుద్దుతూ మధ్యమధ్యలో ఆగి, పెళ్ళికూతురి కాళ్ళు రెండూ మార్చి మార్చి పట్టి చూసిందట.